మౌస్ నొక్కిన క్షణం నుంచి తెర మెరిసే దాకా: ఇన్‌పుట్ లాగ్ తగ్గింపు ప్రాజెక్టు డైరీ

ఈ డైరీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మౌస్ బటన్ నొక్కిన తర్వాత ఆటలో తుపాకీ మెరుపు తెర మీద కనబడడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోంది, ఆ సమయంలో ఎంత భాగం మౌస్‌ది, ఎంత భాగం తెరది? నా తెర 144 హెర్ట్జ్‌ది, మారే రిఫ్రెష్ రేటు (వీఆర్ఆర్) సౌకర్యం ఉన్నది. మౌస్ మాత్రం కావాలనే మూడు మార్గాలలో పనిచేసేదాన్ని ఎంచుకున్నాను: కేబుల్, 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్, బ్లూటూత్. వైరు మౌస్ ఒకటి, వైర్‌లెస్ మౌస్ ఒకటి పక్కపక్కన పెట్టి పోలిస్తే స్విచ్‌ల తేడా, లోపలి ఫర్మ్‌వేర్ తేడా కూడా లెక్కలో కలిసిపోతాయి. ఒకే మౌస్ అయితే మారేది మార్గం ఒక్కటే.

దశ 0: కొలత పరికరం

ఫోన్‌లోని 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియోతో మొదట ప్రయత్నించి వదిలేశాను. ఆ వీడియోలో ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు ఉంటుంది. నేను వెతుకుతున్న తేడాలు కొన్ని అర మిల్లీసెకను కన్నా చిన్నవి. పైగా వేలు బటన్‌ను ఏ క్షణాన పూర్తిగా నొక్కిందో వీడియో చూసి ఖచ్చితంగా చెప్పలేము. అందుకని మౌస్ స్విచ్‌ను వేలితో కాకుండా ఒక మైక్రోకంట్రోలర్ బోర్డుతోనే నొక్కించి, తెర వెలుగును అదే బోర్డుతో చూసే పద్ధతికి మారాను.

1. మౌస్ విప్పి, ఎడమ బటన్ స్విచ్ రెండు కాళ్లకు రెండు సన్నని వైర్లు సోల్డర్ చేశాను.
2. ఆ వైర్లను పీసీ817 ఆప్టోకప్లర్ ట్రాన్సిస్టర్ వైపు కలిపాను. బోర్డు 9వ పిన్ నుంచి 330 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా దాని ఎల్ఈడీ వెలుగుతుంది. దీనివల్ల బోర్డుకూ మౌస్‌కూ మధ్య విద్యుత్ సంబంధం ఉండదు.
3. తెర మధ్యలో బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్‌ను నల్ల టేపుతో అంటించి, A0 పిన్‌కు కలిపాను.
4. ఆటలోని సాధన గదిలో నల్లటి గోడకు ఎదురుగా నిలబడి, తుపాకీ మెరుపు సరిగ్గా ఫోటోడయోడ్ కింద పడేలా చూసుకున్నాను.

రెండో మెట్టులో ఒక సాయంత్రం పోయింది. బోర్డు సంకేతం ఇస్తున్నా మౌస్ స్పందించలేదు. సాధారణ స్విచ్‌కు దిశ ఉండదు కానీ ఆప్టోకప్లర్‌లోని ట్రాన్సిస్టర్‌కు ఉంటుంది. స్విచ్ రెండు కాళ్లలో ఏది గ్రౌండో మల్టీమీటర్‌తో చూసి, దాన్ని ఎమిటర్‌కు, రెండోదాన్ని కలెక్టర్‌కు కలిపాక పనిచేసింది.

ఫోటోడయోడ్ దగ్గర మరో పొరపాటు జరిగింది. దానికి భారంగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినప్పుడు మెరుపుకూ నలుపుకూ మధ్య తేడా రీడింగులోని సహజమైన ఊగిసలాటలో మునిగిపోయింది. 100 కిలో ఓమ్‌లకు మార్చిన తర్వాత మెరుపు స్పష్టంగా తెలిసింది. తెర కాంతిని 100 శాతానికి పెంచడం కూడా అవసరమైంది, ఎందుకంటే కొన్ని తెరలలాగే నా తెర కూడా తక్కువ కాంతిలో బ్యాక్‌లైటును వేగంగా ఆర్పి వెలిగిస్తుంది. ఆ మినుకును బోర్డు మెరుపుగా పొరబడి, సాధ్యం కాని 2, 3 మిల్లీసెకన్ల ఫలితాలు చూపింది.

దశ 1: నమ్మదగని మొదటి 200 కొలతలు

మొదటి ప్రోగ్రాములో ఒక కొలతకూ తర్వాతి కొలతకూ మధ్య 500 మిల్లీసెకన్ల స్థిరమైన విరామం పెట్టాను. ఫలితాలన్నీ ఒకదానికొకటి అర మిల్లీసెకను తేడాలోనే వచ్చాయి. అంత పొందిక చూసి సంతోషించవలసింది పోయి అనుమానం వచ్చింది, ఎందుకంటే క్లిక్కు ఫ్రేములో ఏ క్షణాన పడుతుందన్నది యాదృచ్ఛికం గనుక ఫలితాలు కనీసం ఒక ఫ్రేము వెడల్పున, అంటే సుమారు 7 మిల్లీసెకన్ల మేర, పరచుకోవాలి.

కారణం లెక్క వేస్తే దొరికింది. 144 హెర్ట్జ్ తెర మీద 500 మిల్లీసెకన్లు అంటే సరిగ్గా 72 ఫ్రేములు. విరామం మొదలయ్యేది మెరుపు కనబడిన క్షణాన, ముగిసేది 72 ఫ్రేముల తర్వాత. కాబట్టి ప్రతి క్లిక్కూ ఫ్రేములో దాదాపు ఒకే చోట పడుతోంది. నేను కొలుస్తున్నది సగటు ఆలస్యం కాదు, ఒకే ఒక్క సందర్భపు ఆలస్యం. ఆ 200 కొలతలనూ కొట్టివేసి, విరామాన్ని యాదృచ్ఛికంగా మార్చాను:

```cpp
const int LED = 9, SENSOR = A0;
void setup() { pinMode(LED, OUTPUT); Serial.begin(115200); }
void loop() {
  delay(random(400, 900));
  delayMicroseconds(random(0, 1000));
  int base = analogRead(SENSOR);
  unsigned long t0 = micros();
  digitalWrite(LED, HIGH);
  while (analogRead(SENSOR) < base + 60)
    if (micros() - t0 > 300000UL) break;
  Serial.println(micros() - t0);
  digitalWrite(LED, LOW);
}
```

రెండో `random` వరుస మైక్రోసెకన్లలో ఉండడానికి కారణం పోలింగ్, అంటే కంప్యూటర్ నిర్ణీత వ్యవధిలో మౌస్‌ను అడిగి నివేదిక తీసుకోవడం. యూఎస్‌బీ కూడా మిల్లీసెకను లయలో నడుస్తుంది కనుక ఆ లయతో కూడా క్లిక్కులు కలిసిపోకూడదు. 300000 దాటిన విలువలు మెరుపు దొరకని సందర్భాలు, వాటిని లెక్కలోకి తీసుకోను. ఒక `analogRead` ఈ తరహా 16 మెగాహెర్ట్జ్ బోర్డులలో సుమారు 0.11 మిల్లీసెకను తీసుకుంటుంది. నా పరికరం సూక్ష్మత అంతే.

ఫోటోడయోడ్ చోటు మారకూడదని కూడా ఇక్కడే నేర్చుకున్నాను. తెర బొమ్మను పైనుంచి కిందికి గీస్తుంది. 144 హెర్ట్జ్ వద్ద పై అంచుకూ కింది అంచుకూ మధ్య దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. టేపు జారి ఫోటోడయోడ్ కాస్త కిందికి దిగిన రోజున ఏ సెట్టింగూ మార్చకుండానే ఫలితం 1.2 మిల్లీసెకన్లు పెరిగింది. ఆ తర్వాత తెర చట్రం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను.

ఇకపై చెప్పే సంఖ్యలన్నీ మధ్యగతాలు, అంటే కొలతలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చినప్పుడు నడుమ నిలిచే విలువలు. సగటు తీసుకోకపోవడానికి కారణం దశ 2లో తెలుస్తుంది.

ప్రారంభ స్థితి: డాంగిల్ కంప్యూటర్ వెనుక యూఎస్‌బీ 3 పోర్టులో, పోలింగ్ 1000 హెర్ట్జ్, ఆట ఫ్రేములను తెర లయకు కట్టివేసే వీ-సింక్ ఆన్, వీఆర్ఆర్ ఆఫ్.
ఇప్పటి లెక్క: 52.4 మిల్లీసెకన్లు.

దశ 2: కేబులా, డాంగిలా, బ్లూటూతా

కేబుల్ తగిలించి 300 కొలతలు తీస్తే 54.5 వచ్చింది. అంటే వైర్‌లెస్ కన్నా వైరే నెమ్మది! ఇది నిజం కావడానికి వీల్లేదనిపించి, మౌస్ నిజంగా ఎంత తరచుగా కంప్యూటర్‌కు నివేదిక పంపుతోందో చూశాను. లినక్స్‌లోకి వెళ్లి కింది ఆదేశం నడిపి, మౌస్‌ను వేగంగా కదుపుతూ వరుస సంఘటనల సమయాలను పరిశీలిస్తే చాలు:

```
sudo evtest
```

సమయాల మధ్య దూరం 8 మిల్లీసెకన్లు. అంటే కేబుల్ మీద మౌస్ 125 హెర్ట్జ్‌లో నడుస్తోంది. ఈ మౌస్ కేబుల్‌కూ డాంగిల్‌కూ వేర్వేరు పోలింగ్ విలువలు దాచుకుంటుందని, నేను డాంగిల్ విలువను మాత్రమే 1000కి మార్చానని అప్పుడు అర్థమైంది. వైరు, వైర్‌లెస్ పోలికలు చేసేవారు సెట్టింగుల కిటికీ చెప్పిన మాటను నమ్మకుండా, ఒక్కో మార్గంలో విడివిడిగా ఈ పరీక్ష చేసుకోవాలి. నేను చూడకపోయి ఉంటే తలకిందుల ముగింపు రాసి ఉండేవాణ్ణి.

రెండు మార్గాలనూ 1000 హెర్ట్జ్‌కు తెచ్చిన తర్వాత వచ్చిన ఫలితాలు:

1. కేబుల్: 50.9
2. డాంగిల్, కంప్యూటర్ వెనుక: 52.4
3. డాంగిల్, పొడిగింపు కేబుల్‌తో మౌస్‌కు ఒక జాన దూరంలో: 51.5
4. బ్లూటూత్: 58.7

రెండో వరుసను మధ్యగతం సరిగా వర్ణించదు. ఆ కొలతల్లో నూటికి సుమారు 7 మిగతా గుంపుకు దూరంగా, 60 నుంచి 97 మిల్లీసెకన్ల మధ్య పడ్డాయి. మధ్యలో ఖాళీ, అవతల చిన్న గుంపు. రేడియో ప్యాకెట్టు పోయి మళ్లీ పంపవలసి వచ్చినప్పుడు కనబడే ఆకారం ఇది. సగటు తీసి ఉంటే ఈ కొద్ది కొలతలు మొత్తం సంఖ్యను పైకి లాగి, వైర్‌లెస్ అంతటా నెమ్మదిగా ఉందన్న తప్పుడు అభిప్రాయం కలిగించేవి. నిజానికి వైర్‌లెస్ ఎక్కువసార్లు దాదాపు కేబుల్ అంత వేగంగానే ఉంది, అప్పుడప్పుడు మాత్రం గట్టిగా తడబడుతోంది. ఆడే మనిషికి ఇబ్బంది కలిగించేది ఆ తడబాటే.

యూఎస్‌బీ 3 సంకేతాలు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో రొద వెదజల్లుతాయి. 2012లో ఇంటెల్ ప్రచురించిన పత్రం ఈ విషయాన్ని వివరంగా చూపింది. నా దగ్గర కారణం అదేనా అని నిర్ధారించుకోవడానికి, డాంగిల్ పక్క పోర్టులో యూఎస్‌బీ 3 బాహ్య డిస్కు పెట్టి పెద్ద ఫైలు కాపీ చేస్తూ మళ్లీ కొలిచాను. నూటికి 7గా ఉన్న తడబాట్లు 19కి పెరిగాయి. డాంగిల్‌ను యూఎస్‌బీ 2 పొడిగింపు కేబుల్‌తో బల్ల మీదికి తెచ్చాక, డిస్కు పనిచేస్తున్నా 300 కొలతల్లో ఒక్కటి కూడా 60 దాటలేదు.

బ్లూటూత్ విషయంలో మార్చగలిగేది ఏమీ లేదు. నా మౌస్ వాడే బ్లూటూత్ 5 లో-ఎనర్జీ పద్ధతిలో రెండు సంభాషణల మధ్య విరామం కనీసం 7.5 మిల్లీసెకన్లు ఉంటుంది, కంప్యూటర్ అంతకన్నా పెద్ద విరామాన్ని కూడా ఎంచుకోవచ్చు. కొలతలు 46 నుంచి 83 దాకా చెదిరాయి. దాన్ని ఇక్కడితో పక్కన పెట్టాను.

ఇప్పటి లెక్క: డాంగిల్ 51.5, కేబుల్ 50.9.

దశ 3: పోలింగ్ రేటు

పోలింగ్ ఇచ్చే లాభాన్ని కొలవకముందే కాగితం మీద లెక్కించవచ్చు. క్లిక్కు రెండు నివేదికల మధ్య ఎక్కడైనా పడవచ్చు కనుక అది ఎదురుచూసే సగటు సమయం విరామంలో సగం. 125 హెర్ట్జ్‌కు 4 మిల్లీసెకన్లు, 1000 హెర్ట్జ్‌కు 0.5, 8000 హెర్ట్జ్‌కు 0.06. దశ 2లో పొరపాటున దొరికిన 54.5, సరిచేశాక వచ్చిన 50.9 మధ్య తేడా 3.6. లెక్క ప్రకారం 3.5 రావాలి. పరికరం సరిగా కొలుస్తోందనడానికి నాకు దొరికిన అత్యుత్తమ సాక్ష్యం ఇదే.

1000 నుంచి 8000కు వెళ్లడం వేరే కథ. లెక్క ప్రకారం లాభం 0.44 మిల్లీసెకను మాత్రమే. నా కొలతలు ఒక ఫ్రేము వెడల్పున, అటూ ఇటూ సుమారు 2 మిల్లీసెకన్ల ప్రామాణిక విచలనంతో చెదురుతున్నాయి. అంత చెదరుబాటులో అర మిల్లీసెకను తేడా పట్టుకోవాలంటే 20, 30 కొలతలు చాలవు. రెండు వైపులా 500 చొప్పున తీశాక కేబుల్ మీద 50.5 వచ్చింది. తేడా 0.4, లెక్కకు దగ్గరగానే ఉంది.

అయినా 8000ను ఉంచలేదు. కారణం నా పరికరానికి కనబడనిది. పరీక్షలో మౌస్ కదలదు. కదలని మౌస్ కొత్త సమాచారం లేదని మాత్రమే యూఎస్‌బీకి చెబుతుంది, ప్రాసెసర్‌కు పని పెట్టదు. ఆటలో మౌస్ తిప్పుతున్నప్పుడు మాత్రం సెకనుకు 8000 నివేదికలను ఆట చదవాలి. మౌస్‌ను గుండ్రంగా తిప్పుతూ ఫ్రేముల సమయాలు నమోదు చేస్తే, 1000 వద్ద నిలకడగా ఉన్న ఆట 8000 వద్ద అక్కడక్కడా 12, 15 మిల్లీసెకన్ల ఫ్రేములు చూపింది. 0.4 మిల్లీసెకను కోసం ఒక పూర్తి ఫ్రేము పోగొట్టుకోవడం నష్టమే. శక్తిమంతమైన ప్రాసెసర్ ఉన్నవారికి వేరే ఫలితం రావచ్చు కానీ, వారు కూడా మౌస్‌ను కదుపుతూనే పరీక్షించాలి.

ఇప్పటి లెక్క: మార్పు లేదు. పోలింగ్ 1000 వద్దే ఉంది.

దశ 4: తెరతో సింక్

మౌస్ వైపు చేయగలిగినదంతా చేశాక కూడా 51 మిల్లీసెకన్ల దగ్గరే ఉన్నాను. మిగిలిన సమయమంతా ఆటకూ తెరకూ మధ్య ఎక్కడో ఉంది.

నా గ్రాఫిక్స్ కార్డు సాధన గదిలో సెకనుకు సుమారు 190 ఫ్రేములు గీయగలదు. వీ-సింక్ ఆన్‌లో ఉన్నప్పుడు తెర 144 మాత్రమే తీసుకుంటుంది. ముందే సిద్ధమైన ఫ్రేములు వరుసలో నిలబడతాయి. వరుస నిండాక ఆట ఆగుతుంది, ఒక ఫ్రేము తెర మీదికి వెళ్లగానే మరొకటి చివరన చేరుతుంది. క్లిక్కు కలిసేది వరుస చివర చేరే కొత్త ఫ్రేములో, తెరకు వెళ్లేది వరుస ముందున్న పాత ఫ్రేము. మూడు ఫ్రేములు ఎదురుచూస్తే 3 × 6.94, అంటే 20.8 మిల్లీసెకన్లు అక్కడే కరిగిపోతాయి. బొమ్మ నునుపుగా కదులుతున్నా చేయి బరువుగా అనిపించడానికి కారణం ఇదే.

కేబుల్ మీద, 1000 హెర్ట్జ్‌తో, ఒక్కో అమరికకు 300 కొలతలు:

1. వీ-సింక్ ఆన్, వీఆర్ఆర్ ఆఫ్: 50.9
2. వీ-సింక్ ఆఫ్, ఫ్రేములకు పరిమితి లేదు: 29.7, బొమ్మ అడ్డంగా చీలుతుంది
3. వీఆర్ఆర్ ఆన్, వీ-సింక్ ఆన్, పరిమితి లేదు: 47.3
4. వీఆర్ఆర్ ఆన్, వీ-సింక్ ఆన్, ఆటలోనే 138 పరిమితి: 26.2

మూడో వరుస దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. వీఆర్ఆర్ పెట్టినా లాగ్ ఎందుకు తగ్గలేదని డ్రైవర్‌ను, తెర మెనూను, కేబుల్‌ను అనుమానించాను. తప్పు వాటిలో లేదు. వీఆర్ఆర్ అంటే ఫ్రేము సిద్ధమైనప్పుడు తెర తనను తాను రిఫ్రెష్ చేసుకోవడం, కానీ తెర గరిష్ఠం 144 మాత్రమే. ఆట 190 ఇవ్వగలిగితే వెంటనే ఆ కప్పుకు తగులుతుంది, అక్కడ మళ్లీ పాత వీ-సింక్ వరుస మొదలవుతుంది. ఫ్రేములను కప్పు కిందే ఉంచినప్పుడే వీఆర్ఆర్ పనిచేస్తుంది.

ఎంత కింద అన్నదీ ప్రయత్నించాను. 143 పెట్టినప్పుడు మధ్యగతం బాగానే ఉన్నా కొన్ని కొలతలు 40 దాటాయి. ఫ్రేముల సమయాలు ఎప్పుడూ గడియారంలా సమానంగా రావు. కొన్ని ముందుగా వచ్చి కప్పుకు తగులుతున్నాయి. 141 వద్ద అవి చాలా అరుదయ్యాయి, 138 వద్ద పూర్తిగా పోయాయి. వీ-సింక్‌ను ఆపకుండా ఉంచడానికి కూడా కారణం ఉంది. పరిమితి కింద అది వరుస కట్టదు, తొందరగా వచ్చిన ఒకటి రెండు ఫ్రేములు తెర అడుగున చీలిక చూపకుండా మాత్రమే ఆపుతుంది.

పరిమితి ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యమే. అదే 138ని ఆటలో కాకుండా బయటి ప్రోగ్రాముతో పెట్టినప్పుడు 31.8 వచ్చింది. ఆటలోని పరిమితి ముందు ఆగి, ఆ తర్వాత మౌస్‌ను చదువుతుంది. బయటిది మౌస్‌ను చదివిన తర్వాత ఆపుతుంది, అప్పటికే తీసుకున్న క్లిక్కు ఆ ఆగిన సమయమంతా పాతబడుతుంది. ఆటలో పరిమితి లేనప్పుడే బయటిదాన్ని వాడడం మంచిది.

ఒక రోజు ఏమీ మార్చకుండానే 26.2 కాస్తా 35కు దగ్గరైంది. ఫ్రేములు తెరకు ఏ దారిన చేరుతున్నాయో నమోదు చేసే ప్రెజెంట్‌మాన్ ప్రోగ్రాములో చూస్తే `PresentMode` గడిలో `Hardware: Independent Flip` ఉండవలసిన చోట `Composed: Flip` ఉంది. ఆట మీద తేలియాడే చిన్న చాట్ కిటికీ వల్ల బొమ్మ నేరుగా తెరకు వెళ్లకుండా విండోస్ డెస్క్‌టాప్ కూర్పు గుండా వెళ్తోంది, దానితో వీఆర్ఆర్ కూడా ఆగిపోయింది. ఆ కిటికీ మూసివేయగానే పాత సంఖ్య తిరిగి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి కొలత ముందు ఆ గడి చూసుకుంటున్నాను.

చివరగా ఇదే అమరికలో డాంగిల్‌ను బల్ల మీద ఉంచి కొలిచాను.
ఇప్పటి లెక్క: కేబుల్ 26.2, డాంగిల్ 26.8. ప్రారంభంతో పోలిస్తే డాంగిల్ మీద 25.6 మిల్లీసెకన్లు తగ్గాయి. అందులో 24.7 సింక్ అమరిక నుంచి, 0.9 డాంగిల్ చోటు మార్చడం నుంచి వచ్చాయి. ఆడేటప్పుడు డాంగిల్‌నే వాడుతున్నాను, 0.6 మిల్లీసెకను కోసం కేబుల్ లాగుడును భరించవలసిన అవసరం నాకు కనబడలేదు.

దశ 5: సాధన గది దాటాక

సాధన గదిలో కార్డుకు పని తక్కువ. పొగ, పేలుళ్లు ఉన్న పెద్ద మైదానంలో అదే ఆట 100 ఫ్రేములకు పడిపోయింది. అక్కడ ఒక చీకటి మూల వెతికి కొలిస్తే 44.6 వచ్చింది. 138 పరిమితి ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆట దాన్ని చేరుకోనే లేదు. కార్డు 99 శాతం పనిలో ఉంది, ప్రాసెసర్ దానికన్నా ముందే కొత్త ఫ్రేముల పని తెచ్చి పేరుస్తోంది. వరుస మళ్లీ కట్టింది, ఈసారి తెర ముందు కాకుండా కార్డు ముందు.

1. డ్రైవర్‌లో Low Latency Mode ను Ultra చేశాను: 37.5
2. దాన్ని తీసివేసి, ఆటలో పరిమితిని 90కి దించాను: 33.1
3. నీడల నాణ్యత రెండు మెట్లు తగ్గించి ఫ్రేములను 130 దగ్గరకు తెచ్చి, పరిమితిని 120 చేశాను: 28.4

రెండో మెట్టు మొదట నమ్మశక్యంగా లేదు. సెకనుకు పది ఫ్రేములు వదులుకుంటే లాగ్ 11 మిల్లీసెకన్లు తగ్గింది. కార్డుకు కాస్త ఊపిరి దొరికి 90 శాతం దగ్గర పనిచేయడం మొదలుపెట్టగానే వరుస ఖాళీ అయింది. అందుకే పరిమితిని నిర్ణయించేటప్పుడు ఆట సగటు వేగాన్ని కాకుండా, అత్యంత భారమైన దృశ్యంలో అది నిలబెట్టుకోగల వేగాన్ని చూసి, దానికి కొద్దిగా కింద పెడుతున్నాను. ఈ మైదానానికి 120, సాధన గదికి 138 అని రెండు ప్రొఫైళ్లు దాచుకున్నాను. కొత్త మైదానం వచ్చినప్పుడు మొదట చూసేది కార్డు పని శాతాన్నే. అది 97 దాటితే ఫోటోడయోడ్ అంటించకముందే పరిమితిని పది దించి, ఆ తర్వాతే కొలత మొదలుపెడుతున్నాను.